బూటు రంగు, దుస్తుల పొంతన

సూటు కింద నల్ల బూటు వేయాలా, బ్రౌన్ బూటు వేయాలా అన్నది ప్రధానంగా బ్రిటిష్ మర్యాదల నుంచి వచ్చిన ప్రశ్న. లండన్ ఆర్థిక కేంద్రమైన ‘సిటీ’లో నలుపే ఆఫీసు రంగు, బ్రౌన్ పల్లెపట్టు విహారాలకు. ఈ అలిఖిత నియమం ఎంత మొండిదంటే, సూటుకు బ్రౌన్ బూట్లు వేసుకోవడం కూడా కొన్ని పెట్టుబడి బ్యాంకుల్లో అభ్యర్థులకు ప్రతికూలంగా పరిణమించేదని బ్రిటన్ సోషల్ మొబిలిటీ కమిషన్ 2016లో వెల్లడించింది. ఇటలీలో మాత్రం నేవీ బ్లూ సూటుకు బ్రౌన్ బూటు మామూలే.

ఆచరణలో నల్ల సూటుకు నల్ల బూటే నప్పుతుంది. ముదురు బూడిద రంగు సూటుకు నలుపు క్షేమం. నేవీకి రెండూ సరిపోతాయి, కాకపోతే బ్రౌన్ బూటు ప్యాంటు కంటే మరీ లేతగా ఉంటే చూపంతా పాదాల మీదికే పోతుంది. పగటి రిసెప్షన్‌కు నేవీ సూటు వేసేవారు ముదురు బ్రౌన్ లేసు బూట్లు, అదే ఛాయ బెల్టు ఎంచుకోవచ్చు. అదే సూటుతో రాత్రి విందుకు వెళ్తే నలుపు మేలు. బెల్టు అచ్చంగా అదే రంగు కానక్కర్లేదు గానీ, మెరుపు కలవాలి: నిగనిగలాడే బూటుకు స్వెడ్ బెల్టు అతకదు.

షేర్వాణీకి బెల్టు బెడద లేదు. మోజడీ రంగును ఎంబ్రాయిడరీ జరీతో కలుపుతారు. పంచె, లాల్చీలకు లేసు బూట్లకన్నా తోలు చెప్పులే అందం. ఎలాగూ పెళ్లి మండపం ఎక్కే ముందు విప్పాల్సినవే.