జావ కాగేలోగా...

పొద్దస్తమానం కష్టపడి ఇంటికొచ్చిన మనిషి, అన్నం వడ్డించేలోగా గోడకి జారగిలబడి నిద్రపోవడం మనకి కొత్తేమీ కాదు. లేపి నాలుగు ముద్దలు తినిపించిందాకా ఇల్లాలికి మనసు ఒప్పదు. ఒకవేళ లేపకూడదు, లేపినా తినకూడదు అనే కట్టడి ఉంటే? పదమూడు వందల ఏళ్ళకి పైబడిన కాలం కిందట మదీనాలో ఒక ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. రంజాను రోజుల్లో ఇప్పుడు మన పక్కిళ్ళలో తెల్లవారుజామున గిన్నెల చప్పుడు వినిపిస్తోందంటే, దాని వెనకాల ఆ ఇంటి కథ ఉంది.

ఖురానులో ఉపవాసాన్ని గురించిన మాటలు రెండో అధ్యాయంలో, 183వ వాక్యం నుంచి 187వ వాక్యం దాకా వస్తాయి. వరసగా చదువుకుపోతే అన్నీ ఒకే పూట చెప్పినట్టుంటాయి గాని, అవి వేరువేరు సందర్భాల్లో వచ్చినవి. ఏ వాక్యం ఎప్పుడు, ఎవరికి ఏం జరిగినప్పుడు వచ్చిందో చెప్పడం ముస్లిం పండితుల్లో ఒక ప్రత్యేకమైన విద్య. ఆ విద్య లేకపోతే మనకి ఈ కథ తెలిసేదే కాదు.

మహమ్మదు ప్రవక్త మక్కా వదిలి మదీనాకి వచ్చింది 622లో. అక్కడి యూదులు ఆషూరా అనే రోజున ఉపవాసం ఉండడం చూసి, ఆయన తానూ ఉన్నారు, తనవాళ్ళనీ ఉండమన్నారు. రెండేళ్ళకి, అంటే 624లో, రంజాను నెలంతా ఉపవాసం ఉండాలని ఆజ్ఞ వచ్చింది. మొదట్లో అదీ కాస్త వెసులుబాటుతోనే. ఉండలేననుకున్నవాళ్ళు ఒక బీదవాడికి అన్నం పెడితే సరిపోయేది. తరవాత వచ్చిన వాక్యంతో రోగులకీ ప్రయాణంలో ఉన్నవాళ్ళకీ తప్ప మిగతా అందరికీ అది విధి అయింది. వాళ్ళు కూడా ఆ రోజుల లెక్క తరవాత తీర్చుకోవాలి.

పగలంతా పస్తు, సాయంత్రం పొద్దు గూకగానే భోజనం. ఇంతవరకు ఇప్పటిలాగే. కాని ఆ తొలి రోజుల్లో ఇంకో షరతు కూడా ఉండేదట. రాత్రి ఒకసారి నిద్రపోయారా, ఇక మర్నాడు సాయంత్రందాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. భార్యాభర్తల మధ్య కూడా అదే దూరం. అసలు తిన్నారా లేదా అన్న ప్రశ్నే లేదు. కన్ను మూతపడిందా, అంతే!

ఇక ఆ ఇంటి సంగతి. ఆయన పేరు ఖైస్ బిన్ సిర్మా. మదీనా వాడే, పని చేసుకు బతికే మనిషి. పగలంతా ఉపవాసంతోనే పని చేసి సాయంత్రానికి ఇంటికి వచ్చాడు. తినడానికి ఏమైనా ఉందా అని భార్యని అడిగాడు. ఏమీ లేదు, ఎక్కడైనా దొరుకుతుందేమో చూసి వస్తానని ఆవిడ బయటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఈయన నిద్రలో ఉన్నాడు. అయ్యో, నీ గతి ఇలా అయిందా అని ఆవిడ నొచ్చుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి ఆ మనిషి స్పృహ తప్పి పడిపోయాడు. 870లో కన్నుమూసిన బుఖారీ తన గ్రంథంలో, ప్రవక్త అనుచరుడు బరా చెప్పగా విన్నట్టు ఇంతవరకూ రాశాడు.

923లో పోయిన తబరీ అనే చరిత్రకారుడు తన వ్యాఖ్యానంలో ఇదే కథని ఇంకో రకంగా కూడా చెప్పాడు. నాకు అదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే అందులో వంటిల్లుంది. ఈ కథలో ఆయన ఖర్జూర తోటల్లో కూలికి పనిచేస్తాడు. ఆ రోజు కొన్ని ఖర్జూరాలు ఇంటికి తెచ్చాడు. రోజూ ఇవే తిని కడుపులో మంట పుడుతోంది, ఇవిచ్చి పిండి మార్చుకొచ్చి వేడిగా జావ కాచిపెట్టమని భార్యని అడిగాడు. పాపం, తిండి లేక కాదు, వేడివేడిగా ఏదైనా గొంతు దిగాలని! ఆవిడ వెళ్ళి పిండి తెచ్చి జావ కాచింది. ఆలస్యమైంది మరి. అప్పటికే ఆయన కునుకు తీశాడు. ఆవిడ లేపింది కూడా. కాని దేవుడి మాట జవదాటనని ఆయన ముట్టలేదు.

ఆ కాచిన జావ ఏమైందో ఎవరూ రాయలేదు. ఆయన పేరునే ఒకరు ఖైస్ బిన్ సిర్మా అనీ, ఇంకొకరు సిర్మా బిన్ ఖైస్ అనీ తిరగేసి రాశారు. జావ కాచిన ఇల్లాలి పేరు ఈ రెండు కథల్లోనూ లేదు.

సరిగ్గా అదే రోజుల్లో ఇంకో తంటా. తరవాత కాలంలో ఖలీఫా అయిన ఉమర్, ఒక రాత్రి ఆలస్యంగా ఇంటికి చేరాడు. భార్య తాను అప్పటికే ఒక నిద్ర తీశానంది. సాకు చెబుతోందనుకున్నాడాయన. తెల్లవారాక మనసు పీకి, ప్రవక్త దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాడు. అలా తప్పినవాళ్ళు ఆయనొక్కడే కాదు, ఇంకా కొందరున్నారు. ఆయన నోరు విప్పి చెప్పాడు, అంతే.

అప్పుడు వచ్చింది 187వ వాక్యం. ఉపవాసపు రాత్రుల్లో భార్యాభర్తలు కలిసి ఉండడానికి అడ్డు లేదంది. వాళ్ళని ఒకరికొకరు కట్టుబట్టల వంటివారని పోల్చింది. లోలోపల మీరు పడుతున్న తప్పు దేవుడికి తెలుసు, క్షమించాడంది. వేకువ తెల్లదారం నల్లదారం నుంచి విడిగా కనబడేదాకా తినవచ్చు, తాగవచ్చునంది. నిద్ర షరతు పోయింది. మదీనాలో జనం సంబరపడిపోయారని బరా చెప్పాడు. పడరూ మరి! ఇవాళ సహరీ అని తెల్లవారుజామున లేచి తినడం ఈ వాక్యం ఇచ్చిన వీలే.

అయితే ఆ తెల్లదారం, నల్లదారం మాట కొందరిని తికమక పెట్టింది. హాతింతాయి కథలు మనం చిన్నప్పుడు చదివాం కదా, అడిగినవాడికి లేదనని దాత. ఆయన కొడుకు అదీ. ఈ అదీ ఒంటె కాళ్ళకి కట్టే తాళ్ళు రెండు, నల్లదొకటీ తెల్లదొకటీ, తలగడ కింద పెట్టుకుని రాత్రంతా తీసి చూశాడట. చీకట్లో ఏది ఏదో తేలలేదు. పొద్దున్నే వెళ్ళి చెబితే ప్రవక్త నవ్వి, అలాగైతే నీ తలగడ చాలా పెద్దదే అయుండాలన్నారు. రాత్రినీ పగటినీ కప్పే తలగడ అన్నమాట! ఆ దారాలు రాత్రి చీకటీ పగటి వెలుగూనని వివరించారు.

ఇక్కడ పండితులకి ఒక చిక్కొచ్చింది. అదీ ఇస్లాంలోకి వచ్చింది ఈ వాక్యం వచ్చిన ఏడేళ్ళకో ఎనిమిదేళ్ళకో. మరి అతని పొరపాటు వల్ల వాక్యం ఎలా మారుతుంది? సహల్ అనే ఇంకో అనుచరుడు చెప్పిన మాట దీన్ని విడదీస్తుంది. వాక్యం కొత్తగా వచ్చినప్పుడే కొందరు కాళ్ళకి నల్లదారం, తెల్లదారం కట్టుకుని, అవి వేరుగా కనిపించేదాకా తింటూ కూర్చున్నారట. వాళ్ళ కోసం, ఇది వేకువ సంగతి అని తెలిపే చిన్న మాట తరవాత దిగి వచ్చి వాక్యంలో చేరింది. అదీ కథ ఆ తరవాతెప్పుడో, అంతా తెలియకముందు అతను పడ్డ తికమక అయుండాలి.

వేకువల్లోనూ రెండున్నాయి. ముందొచ్చేది తూర్పున నిలువుగా లేచే మసక వెలుగు. అది దొంగ వేకువ, మళ్ళీ చీకట్లో కలిసిపోతుంది. తరవాత ఆకాశపు అంచున అడ్డంగా పరుచుకునేది అసలు వేకువ. అదే తెల్లదారం. మదీనా మసీదులో బిలాల్ ఇంకా రాత్రుండగానే పిలుపు ఇచ్చేవాడు. ఆ పిలుపు విని తినడం ఆపనక్కర్లేదు, ఇబ్నె ఉమ్మె మక్తూం పిలిచేదాకా తినండని ప్రవక్త చెప్పారు. ఆ రెండో ఆయనకి చూపు లేదు. తెల్లవారింది, తెల్లవారిందని పక్కవాళ్ళు చెబితేగాని పిలిచేవాడు కాడు.