లేబుల్ ఊడిన మెమరీ కార్డు ఎవరిది? పటాన్‌చెరు షెడ్లలో ఒక చిన్న చరిత్ర

మీ ఫోన్‌లో ఉన్న మైక్రో ఎస్‌డీ కార్డు పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం 1. గోరు మీద పెట్టుకోవచ్చు. దాన్ని చూసి పెరిగిన వాళ్లకి మెమరీ కార్డు అంటే అదే. కానీ ముంబై హైవే మీద రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ దాటి పటాన్‌చెరు, పాశమైలారం, సంగారెడ్డి దాకా వెళ్తుంటే, రోడ్డుకి రెండు వైపులా ఉన్న షెడ్లలో ఇంకో రకం కార్డులు ఈ రోజుకీ పని చేస్తున్నాయి. ఈ ఎపిసోడ్ వాటి గురించి.

ఈ షెడ్లలో చాలావరకు జాబ్ వర్క్ చేసే యూనిట్లు. ఇనుప కడ్డీ తెచ్చి, సీఎన్‌సీ లేత్ మీద పెట్టి, షాఫ్టో బుష్షో చేసి పంపిస్తారు. సీఎన్‌సీ అంటే కంప్యూటర్ చెప్పినట్టు తిరిగే మెషిన్. మెషిన్ ఇరవై ఏళ్లు బతుకుతుంది. దానిలోకి ప్రోగ్రామ్ ఎక్కించే కార్డు మాత్రం బజార్లో ఐదారేళ్లకే పాతబడుతుంది. అందుకే ఒక్క షెడ్డులోనే మూడు తరాల కార్డులు కలిసి ఉంటాయి. ఆయిల్ చేతులతో పట్టుకుని పట్టుకుని లేబుల్ ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది.

పాశమైలారంలో నాకు తెలిసిన ఒక అన్న షెడ్డులో ఇలాంటిదే జరిగింది. లేత్ స్క్రీన్ మూలన `BAT` అని మెరవడం మొదలైంది. దాని అర్థం ఏంటంటే, లోపల పారామీటర్లని, అంటే ఆ మెషిన్ స్వభావం మొత్తాన్ని, కాపాడే బ్యాటరీ అయిపోవస్తోంది. పవర్ ఆన్‌లో ఉండగానే బ్యాటరీ మార్చేస్తే ఏమీ కాదు. పవర్ పోయి, బ్యాటరీ కూడా చచ్చిపోతే మెషిన్ అన్నీ మర్చిపోతుంది. అప్పుడు బ్యాకప్ కావాలి. "బ్యాకప్ ఉంది తమ్మీ, ఆ డబ్బాలనే ఏదో ఒకటి" అని బిస్కెట్ల డబ్బా చేతిలో పెట్టాడు. అందులో పదకొండు వస్తువులు, ఒక్కదాని మీదా పేరు లేదు.

ఇలాంటప్పుడు మొదటి పని కంప్యూటర్‌లో పెట్టడం కాదు. స్కేలు తీసుకోవడం. వెర్నియర్ ఉంటే ఇంకా మంచిది, మెషిన్ షాపులో దానికి కొదవ ఉండదు.

డబ్బాలో అన్నిటికన్నా పెద్ద కార్డు ఏటీఎం కార్డు అంత ఉంది: 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54 వెడల్పు. చివర రెండు వరుసల్లో చిన్న రంధ్రాలు, మొత్తం 68. ఇది పీసీఎంసీఐఏ. ఆ పేరుతో కంపెనీలన్నీ కలిసి సంఘం పెట్టుకున్నది 1989లో. అప్పట్లో ల్యాప్‌టాప్ పక్కన ఈ స్లాట్ ఉండేది. ల్యాప్‌టాప్‌ల నుంచి అది ఎప్పుడో పోయింది కానీ, ఫానుక్ కంట్రోల్ ఉన్న మెషిన్ల స్క్రీన్ పక్కన చిన్న తలుపు తీస్తే ఇప్పటికీ కనబడుతుంది.

ఈ సైజులో రెండు వేరు వేరు వస్తువులు ఉంటాయి. ఇక్కడే జాగ్రత్త. ఒకటి ఉత్త తొడుగు. దాని వెనక వైపు నుంచి ఇంకో చిన్న కార్డు బయటికి వస్తుంది. రెండోది ఎస్‌ర్యామ్ కార్డు. దాని అంచున చిన్న అర ఉంటుంది, అందులో బిళ్ల బ్యాటరీ, పక్కనే సన్నటి లాక్ స్విచ్. ఎస్‌ర్యామ్ లోపలి డేటా ఆ బిళ్ల మీదే బతుకుతుంది. "ఇదేంటో" అని అర లాగితే, లోపల ఉన్నది అక్కడికక్కడే పోతుంది. మార్చాల్సి వస్తే కార్డు స్లాట్‌లో ఉండి, పవర్ వస్తుండగా మార్చాలి. ఇంకో మాట, దీన్ని మామూలు యూఎస్‌బీ కార్డ్ రీడర్ చదవదు. స్లాట్ ఉన్న మెషినో, పాత ల్యాప్‌టాపో వెతకాల్సిందే.

మా డబ్బాలోది తొడుగే. దాంట్లోంచి వచ్చింది కాంపాక్ట్‌ఫ్లాష్, అందరూ సీఎఫ్ అంటారు. 1994లో శాన్‌డిస్క్ తెచ్చింది. సుమారు 43కి 36 మిల్లీమీటర్లు, అగ్గిపెట్టె ముఖం కన్నా కాస్త వెడల్పు. రంధ్రాలు 50. డబ్బాలో ఇలాంటివే ఇంకో రెండు విడిగా ఉన్నాయి, పై నుంచి చూస్తే మూడూ ఒకటే. పక్క నుంచి చూస్తే ఒకటి లావు. సన్నవి 3.3 మిల్లీమీటర్లు, లావుది 5. ఆ 1.7 మిల్లీమీటర్ల తేడాలో పెద్ద కథే ఉంది: లావుది మైక్రోడ్రైవ్ అయ్యే అవకాశం ఎక్కువ. అంటే లోపల చిప్పు కాదు, నిజంగా తిరిగే చిన్న హార్డ్ డిస్క్. 1999లో ఐబీఎమ్ తెచ్చింది. కింద పడితే పని అయిపోయినట్టే. సన్న స్లాట్‌లోకి పట్టదు కూడా, బలవంతంగా తోస్తే రీడర్ లోపలి పిన్నులు వంగుతాయి. సీఎఫ్‌లో రంధ్రాలు కార్డుకి, పిన్నులు రీడర్‌కి ఉంటాయి కాబట్టి, ఒక్క పిన్ను వంగినా ఆ తర్వాత పెట్టే ప్రతి కార్డూ తప్పుగానే కనిపిస్తుంది. కార్డే పాడైందని మనం అనుకుంటాం.

మిగతా వాటిలో ఎక్కువ తికమక పెట్టేవి ఎస్‌డీ సైజువి. 24కి 32 మిల్లీమీటర్లు, ఒక మూల కోసినట్టు. డబ్బాలో రెండు ఉన్నాయి. తిరగేసి బంగారు రంగు పట్టీలు లెక్కపెట్టండి. తొమ్మిది ఉండి, మందం 2.1 ఉంటే ఎస్‌డీ. ఏడే ఉండి, 1.4 మందంలో పల్చగా ఉంటే ఎమ్ఎమ్‌సీ, 1997 నాటిది. నోకియా 6600 వాడిన వాళ్లు ఇంట్లో ఉంటే అడగండి, గుర్తుపడతారు. ఎమ్ఎమ్‌సీ ఎస్‌డీ స్లాట్‌లోకి వెళ్తుంది. మందం వల్ల ఎస్‌డీ మాత్రం ఎమ్ఎమ్‌సీ స్లాట్‌లోకి పోదు. అదే ఏడు పట్టీలతో సగం పొడవే, 18 మిల్లీమీటర్లే ఉంటే, అది నోకియా ఎన్70 లాంటి ఫోన్లలోది. అలాంటిది కూడా ఒకటి దొరికింది. షెడ్డు డబ్బాలోకి ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. ఎవరిదో పాత పాటల కార్డు అయ్యుంటుంది.

హార్డ్ డిస్క్ ఒకటే ఉంది. 70కి 100 మిల్లీమీటర్లు, అంటే ల్యాప్‌టాప్ సైజు. కనెక్టర్ చూస్తే తరం తెలుస్తుంది: ఎల్ ఆకారంలో రెండు పట్టీల నోరు ఉంటే సాటా, సన్న పిన్నులు రెండు వరుసల్లో 44 ఉంటే పాత ఐడీఈ. ఇది 44 పిన్నులది. కరెంటు కూడా ఆ పిన్నుల్లోంచే పోతుంది కాబట్టి కన్వర్టర్‌ని ఒక పిన్ను పక్కకి జరిపి పెడితే డిస్క్ కాలొచ్చు. పక్కన విడిగా ఉండే నాలుగు జంపర్ పిన్నులని 44లో కలిపి లెక్కపెట్టకండి.

ఇక ఆకారం చెప్పలేనివి కూడా ఉన్నాయి. తొమ్మిది పట్టీల ఎస్‌డీ కార్డు 1 జీబీదా 32 జీబీదా అని బయట నుంచి ఎవడూ చెప్పలేడు. 2 జీబీ దాటితే అది ఎస్‌డీహెచ్‌సీ, ఆకారం అదే, కానీ పాత రీడర్ దాన్ని అసలు గుర్తించదు. పెన్ డ్రైవ్ నోట్లో నీలం ప్లాస్టిక్ చూసి యూఎస్‌బీ 3 అనుకోవడం కూడా అంతే. నాలుగు పట్టీల వెనక లోపలికి ఇంకో ఐదు ఉన్నాయో లేదో చూడాలి. రంగు ఎవరైనా వేస్తారు.

అన్నీ వేరు చేశాక మా చేతిలో మిగిలినవి రెండు సన్న సీఎఫ్ కార్డులు. పెట్టగానే ఒకదానికి విండోస్ `You need to format the disk` అని అడిగింది. అక్కడ క్యాన్సిల్ కొట్టి పక్కన పెట్టాం. చదవలేకపోవడానికి వంద కారణాలు ఉంటాయి, ఫార్మాట్ కొడితే మాత్రం మిగిలేది ఒక్కటే. రెండోది తెరుచుకుంది. లోపల `CNC-PARA.TXT`, `ALL-PROG.TXT` అని రెండు ఫైళ్లు. ముందు రెండూ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాం, ఎందుకంటే సీఎఫ్‌కి ఎస్‌డీ లాగా పక్కన లాక్ స్విచ్ ఉండదు.

అన్న సంబరపడ్డాడు గానీ పని సగమే అయింది. షెడ్డులో రెండు మెషిన్లు ఉన్నాయి, ఒక లేత్, ఒక మిల్లింగ్. రెంటికీ అదే రకం కంట్రోల్. ఫైల్‌లో మెషిన్ పేరు ఉండదు. మిల్లింగ్ పారామీటర్లు తీసుకెళ్లి లేత్‌లో పోస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అప్పుడు ఆ టెక్స్ట్ ఫైల్ తెరిచి 1020 నంబర్ వెతికాం. యాక్సిస్‌ల పేర్లు ఉండేది అక్కడే:

```
N01020Q1A1P88A2P90
```

పీ తర్వాత ఉన్నది అక్షరానికి కంప్యూటర్ వాడే కోడ్. 88 అంటే ఎక్స్, 89 వై, 90 జెడ్. ఇక్కడ 88, 90 మాత్రమే ఉన్నాయి, వై లేదు. రెండే యాక్సిస్‌లు, అంటే లేత్. మిల్లింగ్‌ది అయితే మధ్యలో 89 వచ్చేది. అక్కడితో ఆగలేదు. ఒకే మోడల్ లేత్‌లు రెండున్నా 1020లో తేడా కనబడదు, ఈ కార్డు అమ్మేసిన పాత లేత్‌ది కూడా కావచ్చు కదా. అందుకని 1850 చూశాం. మెషిన్ హోమ్ పొజిషన్‌ని సవరించే విలువ అది, మెషిన్ బిగించినప్పుడు దేనికదే సెట్ చేస్తారు. లేత్ ఇంకా బతికే ఉంది కాబట్టి స్క్రీన్ మీద అదే నంబర్ తెరిచి, ఎక్స్‌కీ జెడ్‌కీ అంకె అంకె పోల్చాం. రెండూ కలిశాయి.

ఆ తర్వాత పవర్ ఆన్‌లో ఉంచే బ్యాటరీ మార్చారు. కొత్త బ్యాకప్ ఇంకో కార్డు మీద తీసుకున్నారు. ఆ కార్డుని జిప్ కవర్‌లో వేసి, లేత్ పేరు, తేదీ మార్కర్‌తో కవర్ మీద రాసి, కవర్‌ని మెషిన్ ఎలక్ట్రికల్ ప్యానెల్ తలుపు లోపలికి టేప్ వేశారు. ఫార్మాట్ అడిగిన ఆ మొదటి కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. అందులో మిల్లింగ్ మెషిన్‌ది ఉందేమో, వచ్చే వారం దాని ఇమేజ్ తీసి చూడాలి.