ఇంటి యజమాని సిఫారసు లేఖ

అద్దెకున్నవారు మరో ఊరికి మారేటప్పుడు పాత ఇంటి యజమాని కొత్త యజమాని కోసం రాసిచ్చే ఉత్తరం. అమెరికాలో డాలస్ నుంచి సియాటిల్‌కు మారే తెలుగు కుటుంబాలకూ ఇది అవసరపడుతుంటుంది. ‘మంచివాళ్లు’ అన్న మాటకంటే ఇందులో వివరాలకే విలువ: ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నారు, అద్దె ఎంత, ఎన్నిసార్లు ఆలస్యమైంది, ఇల్లు ఏ స్థితిలో అప్పగించారు. ‘2022 జూన్ నుంచి 2024 మే దాకా ఉన్నారు, నెలకు 1,800 డాలర్లు, ఒక్కసారి 3 రోజులు ఆలస్యమైంది, ముందే చెప్పారు, మళ్లీ అడిగితే ఇల్లిస్తాను’ అని రాస్తే ఉత్త పొగడ్తకన్నా నమ్మకంగా ఉంటుంది. అద్దెదారును వదిలించుకోవాలనుకునే యజమాని కూడా పొగుడుతూ రాయవచ్చు. అందుకే జాగ్రత్తపరులు అంతకుముందరి యజమానికీ ఫోన్ చేస్తారు. సంతకం చేసినవారి పేరు కౌంటీ ఆస్తి రికార్డుల్లో ఉందో లేదో చూస్తారు.