మైనరు ఆస్తి అమ్మకానికి కోర్టు అనుమతి: ఒక నిబంధన పుట్టుపూర్వోత్తరాలు

తండ్రి చనిపోతే పిల్లల వంతుకు వచ్చిన భూమిని తల్లి, తల్లి చనిపోతే తండ్రి చూసుకుంటారు. హిందూ చట్టం ఈ మిగిలిన తల్లినీ తండ్రినీ సహజ సంరక్షకులంటుంది. అయితే భూమిని చూసుకోవడానికి వాళ్లకున్న స్వేచ్ఛ, దాన్ని అమ్మడానికి లేదు. మైనరు వాటాను అమ్మాలంటే ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలన్న నియమం 1956లో వచ్చింది. అక్కడికి చేరడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

పసివాళ్ల ఆస్తికి కాపలా కావాలన్న ఆలోచన పాతదే. బాలుడు గురుకులం నుంచి తిరిగి వచ్చేదాకా, లేదా బాల్యం దాటేదాకా అతని వారసత్వాన్ని రాజు కాపాడాలని మనుస్మృతి చెబుతుంది. అర్థశాస్త్రం ఆ పనిని గ్రామపెద్దలకు అప్పగించి, బాలుడి సొమ్మును వాళ్లు పెంచాలని కూడా అంటుంది. కంపెనీ పాలనలో ఈ బాధ్యత వేరే రూపం తీసుకుంది. మద్రాసు రాజధానిలో 1804 నాటి అయిదో రెగ్యులేషన్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌ను ఏర్పాటు చేసింది. తెలుగు జిల్లాల జమీందారీల్లో వారసుడు మైనరైనప్పుడు ఎస్టేటు దాని చేతికి వెళ్లేది. దాని దృష్టి శిస్తు చెల్లించే పెద్ద ఎస్టేట్ల మీదే. నాలుగెకరాల రైతు పిల్లల సంగతి అది పట్టించుకోలేదు.

మామూలు కుటుంబాలకు వర్తించే సూత్రం 1856లో ప్రీవీ కౌన్సిల్ తీర్పుతో వచ్చింది. హనుమాన్ ప్రసాద్ పాండే కేసుగా న్యాయవాదులందరికీ అది తెలుసు. ఉత్తర భారతంలో ఒక రాణి తన మైనరు కొడుకు ఎస్టేటును తాకట్టు పెట్టింది. పెద్దవాడైన కొడుకు ఆ తాకట్టు చెల్లదన్నాడు. ఆస్తి తనది కాని సంరక్షకురాలికి దాని మీద అప్పు చేసే అధికారం పరిమితమైనదని, నిజమైన అవసరం ఉంటేనో ఎస్టేటుకు మేలు జరిగితేనో తప్ప దాన్ని వాడకూడదని న్యాయమూర్తులు తేల్చారు. అప్పిచ్చేవాడు అవసరం ఉందో లేదో విచారించాలి. నిజాయితీగా విచారించాక, ఆ డబ్బు చివరికి ఎలా ఖర్చయిందో చూసే బాధ్యత మాత్రం అతనిది కాదు.

ఈ సూత్రం న్యాయమైనదే అయినా, దాని రక్షణ అమ్మకం జరిగిపోయిన తరవాతే పనిచేసేది. పిల్లవాడు పెద్దవాడై దావా వేసేసరికి పదేళ్లు గడిచేవి, సాక్షులు పోయేవాళ్లు, ఆనాటి అవసరం నిజమో కాదో చెప్పేవాళ్లు మిగిలేవారు కాదు. ముందే ఆపే ఏర్పాటు మరో దారిలో వచ్చింది. బెంగాల్‌లో 1858 నాటి చట్టం, కోర్టు సర్టిఫికెట్ పొందిన సంరక్షకుడు కోర్టు ఉత్తర్వు లేకుండా స్థిరాస్తిని అమ్మరాదని, తాకట్టు పెట్టరాదని, అయిదేళ్లకు మించి కౌలుకివ్వరాదని చెప్పింది. 1890 నాటి సంరక్షకుల చట్టం దీన్ని విస్తరించింది. కానీ ఈ కట్టడి కోర్టు నియమించిన సంరక్షకులకే. కన్నవాళ్లు 1856 నాటి సూత్రం కిందే ఉండిపోయారు. అంటే పరాయివాడిని కోర్టు ముందుగానే అనుమానించింది, తల్లిదండ్రులను నమ్మింది.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టంలోని ఎనిమిదో సెక్షన్ ఈ తేడాను తీసేసింది. సహజ సంరక్షకుడైనా సరే కోర్టు అనుమతి లేకుండా మైనరు స్థిరాస్తిని అమ్మడం, తాకట్టు పెట్టడం, దానమివ్వడం, మార్చుకోవడం కుదరదు. కౌలు అయిదేళ్లు మించకూడదు, మైనారిటీ తీరాక ఏడాది దాటి సాగకూడదు. అవసరం గానీ మైనరుకు స్పష్టమైన లాభం గానీ ఉంటేనే అనుమతి ఇవ్వాలి. పిల్లల వాటాను వదులుకుంటూ తల్లి తన మరిది పేర రాసే హక్కు విడుదల దస్తావేజుకు కూడా ఈ నిబంధన వర్తిస్తుంది.

ఒక ఊహా ఉదాహరణతో ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వీలునామా రాయకుండా చనిపోయిన రైతుకు ఆరెకరాల స్వార్జితం ఉంది. భార్య, తొమ్మిదేళ్ల కొడుకు, ఆరేళ్ల కూతురు వారసులు. రైతు తల్లి అప్పటికే లేదు. ఒక్కొక్కరికి మూడో వంతు, అంటే రెండేసి ఎకరాల విలువ వస్తుంది. అయిదు లక్షల అప్పుందని చెప్పి భార్య, తన తరఫునా పిల్లల తరఫునా సంతకం చేసి మొత్తం భూమిని అరవై లక్షలకు అమ్మేసింది. ఆమె సొంత వాటా వరకు అమ్మకం చెల్లుతుంది. పిల్లల నాలుగెకరాల అమ్మకాన్ని వాళ్లు రద్దు చేయించుకోవచ్చు. రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన ఈ లోపం పోదు.

అదే తల్లి ముందుగా జిల్లా కోర్టుకు వెళ్తే పరిస్థితి వేరుగా ఉంటుంది. అప్పు పత్రాలు చూపమని, అయిదు లక్షల కోసం నాలుగెకరాలెందుకని జడ్జి అడుగుతారు. బంధువులకు నోటీసు ఇచ్చి, అభ్యంతరం చెప్పేవాళ్లుంటే వింటారు. అమ్మక తప్పదని తేలితే ఉత్తర్వులో ఆ కారణం, ఆస్తి వివరాలు, షరతులు రాయాలి. ఫలానా ధరకు తగ్గకూడదని, మిగిలిన సొమ్మును కోర్టులో జమ చేయాలని లేదా పిల్లల పేర మదుపు పెట్టాలని షరతు పెట్టవచ్చు. అందుకే కొనేవాళ్లు దస్తావేజులో మొదట వెతకాల్సింది ఈ ఉత్తర్వు నంబరు, తేదీ. వాటి బదులు "కుటుంబ అవసరాల నిమిత్తం" అన్న మాట మాత్రమే ఉంటే ఆ కొనుగోలు ప్రమాదంలో ఉన్నట్టే.

ఆ ప్రమాదం ఎంతకాలముంటుందో లిమిటేషన్ చట్టం చెబుతుంది. మైనారిటీ తీరిన మూడేళ్లలోపు రద్దు కోరాలి. పై ఉదాహరణలో కొడుకు గడువు అమ్మకం జరిగిన పన్నెండేళ్లకు, కూతురి గడువు పదిహేనేళ్లకు తీరుతుంది. అనుమతి లేని అమ్మకం మొదటినుంచీ శూన్యం కాదు. పిల్లలు కాదనేదాకా అది నిలిచే ఉంటుంది, గడువు దాటితే ఇక కదలదు. 2001లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక కేసులో కొడుకులు భూమి స్వాధీనం కోరారు గానీ తల్లి రాసిన దస్తావేజుల రద్దును మొదట కోరలేదు. గడువు దాటాక ఆ కోరికను చేర్చారు, ఓడిపోయారు. 2025లో అదే కోర్టు కొంత వెసులుబాటు ఇచ్చింది. పెద్దవాళ్లైన పిల్లలు గడువులోపు తామే ఆ స్థలాన్ని మరొకరికి అమ్మడం లాంటి స్పష్టమైన చర్యతో పాత అమ్మకాన్ని తిరస్కరించవచ్చని, దావా తప్పనిసరి కాదని చెప్పింది.

పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా ఆగనక్కర్లేదు కూడా. తాతయ్యో మేనమామో మైనరు తరఫున దావా వేసి అమ్మకాన్ని ఆపించవచ్చు, 1890 చట్టం కింద వేరే సంరక్షకుడిని నియమించమని అడగవచ్చు. కానీ తామే భూమిని అమ్మే అధికారం ఆ బంధువులకు లేదు.

ఎనిమిదో సెక్షన్ అందుకోని చోట్లు రెండున్నాయి. విభజన కాని ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మైనరు వాటాను కర్త అమ్మితే ఈ అనుమతి నిబంధన వర్తించదని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ పరీక్ష ఇంకా పాతదే, కుటుంబ అవసరం నిజమా కాదా అన్నదే. రెండోది నగదు, బంగారం. అనుమతి నిబంధన స్థిరాస్తికే పరిమితం కాబట్టి తండ్రి బ్యాంకు సొమ్ములో పిల్లల వాటా తేలిగ్గా కరిగిపోతుంది. మోటారు ప్రమాద పరిహారంలో మైనరు వాటాను మేజరయ్యేదాకా డిపాజిట్‌లో ఉంచాలని 1993లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు ఆ ఒక్క రకం సొమ్మునే కాపాడుతున్నాయి. కోర్టు నియమించిన సంరక్షకుడినైతే ఆస్తి జాబితా ఇవ్వమని, లెక్కలు చూపమని కోర్టు ఆదేశించవచ్చు. కన్నవాళ్లు మాత్రం ఎవరూ దావా వేయనంతకాలం ఏ కోర్టుకూ ఏటా లెక్క చెప్పనక్కర్లేదు.