తిరిగిరాని పెట్టుబడి, నమ్మదగ్గ బెదిరింపు: ప్రవేశ నిరోధంపై ఒక పరిశీలన

మార్కెట్లోకి ముందు దిగినవాడిదే పైచేయి అన్న మాట వ్యాపార చర్చల్లో తరచూ వినిపిస్తుంది. 1934లో హైన్రిష్ ఫాన్ స్టాకెల్‌బర్గ్ దీనికి గణిత రూపం ఇచ్చాడు. ఒక సంస్థ తన ఉత్పత్తి ఎంతో ముందే తేల్చేసి, రెండో సంస్థ దాన్ని చూశాక తన ఉత్పత్తిని నిర్ణయించుకుంటే, లాభం మొదటి సంస్థవైపే మొగ్గుతుందని ఆయన చూపాడు. అయితే ఆ నమూనాలో ఒక ఊహ దాగి ఉంది. మొదటి సంస్థ ఒకసారి చెప్పిన అంకెను ఇక మార్చుకోదు. ఎందుకు మార్చుకోదు? దీనికి స్టాకెల్‌బర్గ్ నమూనాలో జవాబు లేదు. ముందు కదలడం వల్ల వచ్చే లాభం కాలక్రమంలోంచి పుట్టదని, వెనక్కి తీసుకోలేని ఖర్చులోంచి పుడుతుందని ఈ వ్యాసంలో నా వాదన. పాత సంస్థ కొత్త పోటీదారుని గుమ్మం దగ్గరే ఆపాలని చూసే సందర్భంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక సరుకు ధర P = 100 − Q అనుకుందాం. Q అంటే మార్కెట్లోకి వచ్చే మొత్తం సరుకు. ఒక్కో యూనిట్ తయారీకి కూలి, ముడిసరుకు కింద 10 రూపాయలు, ఆ యూనిట్‌కు తగిన యంత్ర సామర్థ్యం నెలకొల్పడానికి 30 రూపాయలు, వెరసి 40 అవుతాయి. కొత్తగా వచ్చే సంస్థ వీటికి అదనంగా 196 రూపాయల స్థిర వ్యయం భరించాలి. పోటీ లేకపోతే పాత సంస్థ 30 యూనిట్లు తయారుచేసి, 70కి అమ్మి, 900 లాభం పొందుతుంది. ఇద్దరూ ఒకేసారి నిర్ణయించుకుంటే చెరి 20 యూనిట్లు చేస్తారు, ధర 60కి దిగుతుంది, స్థిర వ్యయం తీయకముందు ఒక్కొక్కరికి 400 వస్తుంది. అందులో 196 పోగా కొత్త సంస్థకు 204 మిగులుతుంది కాబట్టి అది లోపలికి వస్తుంది. ఇప్పుడు పాత సంస్థ ఇలా హెచ్చరించిందనుకోండి: 'నువ్వు వస్తే నేను 32 యూనిట్లు గుమ్మరిస్తాను'. కొత్త సంస్థ 20తో దిగితే ధర 48కి పడిపోయి దానికి 160 మాత్రమే వస్తుంది, 36 నష్టం. మాట నమ్మితే రాకూడదు. కానీ నమ్మాలా?

క్రమానుగత క్రీడను చివరి నుంచి వెనక్కి లెక్కించాలన్న నియమం ఇక్కడే అక్కరకొస్తుంది. చెట్టు కొమ్మల్లా చీలిన ఆ నిర్ణయాల్లో ఆఖరి కొమ్మ దగ్గర నిలబడి, అక్కడ నిర్ణయించేవాడికి ఏది లాభమో తేల్చి, ఆ జవాబుతో ఒక్కో మెట్టే వెనక్కి రావాలి. కొత్త సంస్థ వచ్చేసింది, దాని స్థిర వ్యయం అయిపోయింది. ఆ క్షణాన పాత సంస్థ 20 యూనిట్లు చేస్తే 400 వస్తుంది, పంతానికి 32 చేస్తే 256 వస్తుంది. పంతం ఖరీదు 144. ఎవరూ కావాలని అంత పోగొట్టుకోరు. కాబట్టి ఆ హెచ్చరిక మేకపోతు గాంభీర్యమే. అది తెలిసిన కొత్త సంస్థ నిర్భయంగా లోపలికొస్తుంది. క్రీడలోని ప్రతి ఉపక్రీడలోనూ నిలిచే సమతౌల్యాన్నే లెక్కలోకి తీసుకోవాలని 1965లో రైన్‌హార్డ్ జెల్టెన్ పెట్టిన షరతు సారాంశం ఇదే. ఒక విషయం గమనించాలి. ఈ కథలో పాత సంస్థ ముందే మార్కెట్లో ఉంది, ముందే మాట్లాడింది, అయినా ఆ ముందుతనం దానికి ఒక్క రూపాయి కూడా తెచ్చిపెట్టలేదు.

అవినాష్ దీక్షిత్ 1980లో చూపిన మార్గం ఈ ఆఖరి కొమ్మనే మార్చేస్తుంది. పోటీదారు రాకముందే పాత సంస్థ 32 యూనిట్ల సామర్థ్యాన్ని నెలకొల్పి, ఆ డబ్బు తిరిగిరాదని అందరికీ తెలిసేలా చేసిందనుకుందాం. యూనిట్‌కు 30 చొప్పున పెట్టిన ఖర్చు ఇక గతం. ముందుకు చూస్తే 32వ యూనిట్ వరకు ఒక్కోదానికి అయ్యేది 10 రూపాయలే. కొత్త సంస్థ 14 యూనిట్లతో వస్తే, 10 రూపాయల ఖర్చు మీద పాత సంస్థకు 38 చేయాలనిపిస్తుంది, కానీ 32 దాటితే మళ్లీ 40 పెట్టాలి కాబట్టి సరిగ్గా 32 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు 32 అన్నది బెదిరింపు కాదు, దాని స్వలాభమే. ఆ 32కు ఎదురుగా కొత్త సంస్థకు లాభసాటి ఉత్పత్తి 14. ధర 54, యూనిట్‌కు మిగిలేది 14, మొత్తం 196, అది కాస్తా స్థిర వ్యయానికే చెల్లు. మిగిలేది సున్నా కనుక రాదు. ఒంటరిగా మిగిలిన పాత సంస్థ 32 యూనిట్లను 68కి అమ్మి 896 సంపాదిస్తుంది. పూర్తి గుత్తాధిపత్యపు లాభంతో పోలిస్తే తలుపు మూసిన ఖరీదు 4 రూపాయలే. అదే సామర్థ్యాన్ని అద్దెకు తెచ్చుకుని, అవసరం లేకపోతే తిరిగి ఇచ్చేసే వీలుంటే ఒక్కో యూనిట్ ఖర్చు మళ్లీ 40 అవుతుంది, అప్పుడు కొత్త సంస్థ వచ్చి తీరుతుంది. యంత్రాలు అవే, తేదీలు అవే. తేడా డబ్బు వెనక్కి వస్తుందా రాదా అన్న ఒక్క విషయంలోనే.

ఈ ఆయుధానికి హద్దు కూడా ఉంది, దాన్ని పాఠ్యపుస్తకాలు తరచు దాటేస్తాయి. కొత్త సంస్థ స్థిర వ్యయం 196 కాక 64 మాత్రమే అనుకుందాం. దాన్ని ఆపాలంటే 44 యూనిట్లు మార్కెట్లో పెడతామని నమ్మించాలి. కానీ 10 రూపాయల ఖర్చుతోనైనా, పోటీదారు వచ్చాక పాత సంస్థకు గిట్టుబాటయ్యే ఉత్పత్తి 40 దగ్గరే ఆగిపోతుంది. మిగతా 4 యూనిట్ల యంత్రాలు ఉత్తినే పడి ఉంటాయని కొత్త సంస్థకు తెలుసు. కాబట్టి ఎంత పెద్ద ఫ్యాక్టరీ కట్టినా దాన్ని ఆపలేరు. అప్పుడు పాత సంస్థ తెలివైన పని 30 యూనిట్ల దగ్గర నిలబడి, పోటీదారుకు 15 వదిలి, 450తో సరిపెట్టుకోవడమే. ఈ ఉదాహరణలో స్థిర వ్యయం 225 దాటితే ఎవరూ రారు, ఆపాల్సిన పనే లేదు. 100 కన్నా తగ్గితే ఆపలేరు. వ్యూహానికి చోటున్నది ఆ మధ్యనే.

వాస్తవంలో దీనికి దగ్గరగా నిలిచే ఉదాహరణ 1970ల నాటి అమెరికా టైటానియం డయాక్సైడ్ పరిశ్రమ. రంగులకు, కాగితానికి తెలుపునిచ్చే పొడి అది. దాన్ని తయారుచేసే దారులు రెండు: సల్ఫేట్ పద్ధతి, క్లోరైడ్ పద్ధతి. క్లోరైడ్ పద్ధతికి సాధారణంగా ఖరీదైన రూటైల్ ఖనిజం కావాలి. డ్యుపాంట్ మాత్రం చవకైన ఇల్మనైట్‌ను క్లోరైడ్ పద్ధతిలో వాడడం నేర్చుకుంది (మన భీమునిపట్నం, భావనపాడు తీరాల ఇసుకలో ఉండేదీ ఆ ఇల్మనైటే). 1970ల తొలినాళ్లలో రూటైల్ ధర ఎగబాకింది, వ్యర్థ ఆమ్లాల మీద పర్యావరణ నిబంధనలు సల్ఫేట్ పద్ధతిని దెబ్బతీశాయి. ఒక్కసారిగా పోటీదారులందరి కన్నా డ్యుపాంట్ ఖర్చు తక్కువైంది. పెరగబోయే గిరాకీలో అధిక భాగాన్ని తానే అందుకోవాలని సంస్థ 1972లో పథకం వేసింది. అందులో భాగంగా మిసిసిపీ రాష్ట్రంలోని డీలైల్ దగ్గర భారీ ప్లాంటు కట్టింది, తన పద్ధతికి లైసెన్సు ఇవ్వలేదు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1978లో దీనిపై ఫిర్యాదు నమోదు చేసి, 1980లో కొట్టివేసింది. ఇక్కడ వ్యూహపు బరువంతా ప్లాంటు మీదే ఉంది. ఇల్మనైట్ క్లోరైడ్ ప్లాంటును విప్పి మరో పనికి అమ్ముకోవడం సాధ్యం కాదు. పథకం ప్రకటించడం చవకైన మాట, కాంక్రీటు పోయడం తిరిగిరాని ఖర్చు. పైగా పోటీదారులు ప్లాంటును కళ్లారా చూడగలరు. ఇది చిన్న విషయం కాదు. మొదటి అడుగు రెండోవాడికి కాస్త మసకగా కనిపించినా స్టాకెల్‌బర్గ్ ఆధిక్యం కరిగిపోవచ్చని కైల్ బాగ్‌వెల్ 1995లో చూపాడు.

ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో గట్టివి రెండు. మొదటిది జెల్టెన్ స్వయంగా 1978లో లేవనెత్తిన గొలుసు దుకాణాల వైపరీత్యం. ఒకే సంస్థకు 20 ఊళ్లలో దుకాణాలున్నాయి, ఒక్కో ఊళ్లో ఒక్కో పోటీదారు వరసగా వస్తాడు. ఆఖరి ఊళ్లో పోరాడి లాభం లేదు, కనుక 19వ ఊళ్లో పోరాడినా ఎవరినీ భయపెట్టలేదు, అలా లెక్క మొదటి ఊరి దాకా వెనక్కి జారిపోతుంది. కానీ వ్యాపారులు మొదట్లో పోరాడతారని లోకానుభవం. అంటే ఈ తర్కమే తప్పా? 1982లో క్రెప్స్, విల్సన్ ఒకవైపు, మిల్‌గ్రోమ్, రాబర్ట్స్ మరోవైపు దీనికి ఒకే రకమైన జవాబిచ్చారు. పాత సంస్థ నిజంగానే పోరాటాన్ని ఇష్టపడేదేమో అన్న రవ్వంత అనుమానం ఉంటే చాలు, తొలి ఊళ్లలో పోరాడడం గిట్టుబాటవుతుంది, చివరి ఊళ్లు దగ్గరపడే కొద్దీ పట్టు సడలుతుంది. నా దృష్టిలో ఇది వెనక్కి లెక్కించే పద్ధతిని తోసిపుచ్చడం కాదు. ఆఖరి కొమ్మ మీద ఎవరికి ఎంత వస్తుందో కొత్త సంస్థకు పూర్తిగా తెలియనప్పుడు అదే లెక్క ఎలా నడుస్తుందో చెప్పడం. పేరుప్రతిష్ఠలు ఖర్చులు కనిపించని చోట పనిచేస్తాయి. ఖనిజం ధరలు, ప్లాంటు సామర్థ్యం బజారంతా తెలిసిన టైటానియం వంటి పరిశ్రమలో ఆ పని ప్లాంటే చేస్తుంది.

రెండో అభ్యంతరం సాక్ష్యాల నుంచి వచ్చింది, నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేదీ అదే. మార్విన్ లీబర్‌మన్ 1987లో 38 రసాయన ఉత్పత్తుల పరిశ్రమలను పరిశీలించి, కొత్తవారిని ఆపడానికే పాత సంస్థలు అదనపు సామర్థ్యాన్ని కట్టిన ఉదంతాలు బహు అరుదని తేల్చాడు. సిద్ధాంతం కాగితం మీదిదేనని చెప్పడానికి దీన్ని వాడుకున్నారు. కానీ పై లెక్కను మళ్లీ చూడండి. 32 యూనిట్ల సామర్థ్యంలో ఒక్కటి కూడా ఖాళీగా లేదు. మొత్తం 68కి అమ్ముడుపోయింది. ఖాళీ సామర్థ్యంతో బెదిరించే సంస్థను 1977లో మైకేల్ స్పెన్స్ ఊహించాడు. గిరాకీ రేఖ సరళంగా ఉన్నచోట ఆ ఖాళీ భాగం నమ్మదగ్గది కాదని దీక్షిత్ నమూనా చెబుతుంది. గిరాకీ రేఖ వంపు తిరిగితే ఖాళీ సామర్థ్యం కూడా పనికిరావచ్చని 1985లో బులో, జీనకోప్లస్, క్లెంపరర్ చూపారు, అది నిజమే. అయినా మూతపడ్డ యంత్రాలు దొరకలేదు కాబట్టి నిరోధం లేదనడం నిలవదు. పని చేసే నిరోధం నిండుగా నడిచే ఫ్యాక్టరీలాగే కనిపిస్తుంది.

మరి దాన్ని ఎలా పోల్చుకోవాలి? పోటీదారు ఎన్నటికీ రాలేడని తెలిస్తే ఆ సంస్థ ఎంత కట్టేదో, నిజంగా ఎంత కట్టిందో సరిపోల్చడం సరైన పరీక్ష. డ్యుపాంట్ విషయంలో కమిషన్ చేరిన నిర్ణయం దాదాపు ఈ ప్రశ్న మీదే ఆధారపడింది. విస్తరణ దాని ఖర్చు ఆధిక్యానికి, ముందు కనిపిస్తున్న గిరాకీకి తగినట్టే ఉందని, ధరలు ఖర్చు కన్నా కిందికి పోలేదని కమిషన్ భావించింది. దీనిమీద విమర్శలు రాకపోలేదు. కానీ మన లెక్కలో నిరోధం కోసం కట్టినది 32, పోటీ భయమే లేకపోతే కట్టేది 30. గిరాకీ అంచనాలే ఏటా అంతకన్నా ఎక్కువ తప్పే పరిశ్రమలో ఆ రెండు యూనిట్లను విడదీసి చూపగల దస్తావేజు ఏ ఆర్థికవేత్తా న్యాయస్థానం ముందు పెట్టలేడు. ఇక కొనుగోలుదారుకు ఈ రెండు యూనిట్ల వల్ల ధర 70 నుంచి 68కి తగ్గింది. పోటీ వచ్చి ఉంటే 60కి తగ్గేది. రాని పోటీదారు ఏ రికార్డుకూ ఎక్కడు కాబట్టి, ఆ 8 రూపాయల తేడా ఏ ఫిర్యాదులోనూ కనిపించదు.