కెడెన్జా: దిగే ముందు ఆగిన స్వరం

ఇటాలియన్ మాట 'కెడెన్జా'కు మూలం, పడటం అనే అర్థమున్న లాటిన్ క్రియ 'కాడెరే'. వాక్యం చివర గొంతు దిగినట్టు, సంగీతం తన ఆధార స్వరానికి దిగడాన్ని మొదట అలా అన్నారు. తర్వాత ఆ దిగుడుకు ముందు ఏకవాద్యకారుడు ఒంటరిగా చేసే మనోధర్మానికీ అదే పేరు నిలిచింది.

మొజార్ట్ 1785లో రాసిన డి మైనర్ పియానో కన్చెర్టో మొదటి భాగం వినండి. ముందు ఆర్కెస్ట్రా ఒక్కటే తన బాణీలు వినిపించి, డి మైనర్‌లోనే ముగిస్తుంది. తర్వాత పియానో వస్తుంది. ఆర్కెస్ట్రా చెప్పినదాన్ని వెంటనే తిరిగి చెప్పదు. తనదైన కొత్త బాణీతో మొదలుపెట్టి, ఆ తర్వాతే ఆర్కెస్ట్రా బాణీలను అందుకుని, వాదాన్ని ఎఫ్ మేజర్‌కు తీసుకెళుతుంది. ఒకే విషయాన్ని ఇలా ఇద్దరు చెప్పడమే జంట ప్రతిపాదన.

చివర్లో ఆర్కెస్ట్రా కుదుటపడని స్వరమేళం మీద ఆగుతుంది. పియానో ఒంటరిగా ఆ బాణీలను తరచి చూసి, పొడవైన ట్రిల్‌తో సైగ చేస్తుంది. అప్పుడు అందరూ కలిసి దిగుతారు. తని ఆవర్తనం ముక్తాయింపు విని గాయకుడు పాట అందుకున్నట్టే ఇదీ. ఈ కన్చెర్టోకు మొజార్ట్ సొంత కెడెన్జా దొరకలేదు. నేడు తరచూ వినిపించేది బీథోవెన్ రాసింది.