విందుకు రాని పెద్ద కొడుకు

తప్పిపోయిన కుమారుని ఉపమానం లూకా సువార్త 15వ అధ్యాయంలో ఉంది. అందులో చివరి ఎనిమిది వచనాలు పెద్ద కొడుకువి. పొలం నుంచి వస్తున్న అతనికి ఇంట్లో పాట, నాట్యం వినిపిస్తాయి. తమ్ముడు తిరిగి వచ్చాడని పనివాడు చెబితే తప్ప అతనికి సంగతి తెలియదు. కోపంతో బయటే నిలిచిపోతాడు. తండ్రే బయటికి వచ్చి బతిమాలుతాడు. ఇన్నేళ్లు చాకిరీ చేసినా స్నేహితులతో విందు చేసుకోవడానికి మేకపిల్లనైనా ఇవ్వలేదని, ఆస్తిని వేశ్యలపాలు చేసినవాడికి మాత్రం క్రొవ్విన దూడను కోయించావని అతను నిలదీస్తాడు. వేశ్యల మాట అంతవరకు కథలో ఎక్కడా లేదు. తన ఆస్తి అంతా అతనిదేనని తండ్రి బదులిస్తాడు. పెద్దవాడు లోపలికి వెళ్లిందీ లేనిదీ చెప్పకుండానే కథ ఆగిపోతుంది. ఇతను ఎవరికి ప్రతినిధి అన్న ప్రశ్నకు ఒక్కో కాలం ప్రసంగీకులు ఒక్కో జవాబు చెప్పారు.

అధ్యాయం మొదట్లోనే దానికి ఒక ఆధారం ఉంది. యేసు సుంకరులతో, పాపులతో కలిసి భోజనం చేస్తున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు సణుగుతారు. ఉపమానం వారికి చెప్పిన సమాధానం. తొలి శతాబ్దాల వ్యాఖ్యాతల్లో చాలామంది దీన్ని విస్తరించి, పెద్దవాణ్ణి యూదు జాతిగా, చిన్నవాణ్ణి అన్యజనులుగా చూశారు. అయితే ఈ భాగంలో ఒక చిక్కు అప్పుడే బయటపడింది. పెద్దవాడు నీతిమంతుడైతే తమ్ముడి రక్షణ చూసి అసూయపడడమేమిటని రోము బిషప్ దమాసు అడిగాడు. సుమారు 383లో జెరోము రాసిన సుదీర్ఘమైన జాబు ఆ సందేహానికి జవాబే. అందులో జాతుల పరమైన అర్థంతోపాటు నీతిమంతుడు, పాపి అన్న అర్థాన్నీ ఆయన పరిశీలించాడు.

అయిదో శతాబ్దంలో ఇటలీలోని రవెన్నా బిషప్ పీటర్ క్రిసోలోగస్ ఈ ఒక్క ఉపమానం మీదే అయిదు ప్రసంగాలు చేశాడు. నాలుగోదాన్ని అన్న అసూయకే కేటాయించాడు. ఇక్కడ పెద్దవాడు ఒక జాతికి గుర్తుగా కాక, తోబుట్టువు మేలు ఓర్వలేని మనిషిగా కనిపిస్తాడు. అయినా అయిదో ప్రసంగంలో క్రిసోలోగస్ మళ్లీ యూదులు, అన్యజనుల పోలికకే వచ్చాడు. రెండు అర్థాలూ అలా చాలాకాలం పక్కపక్కనే సాగాయి.

మత సంస్కరణ కాలంలో నింద పడే చోటు మారింది. ఫ్రాన్సిస్కన్ సభను వదిలి లూథరన్ అయిన బుర్కార్డ్ వాల్డిస్ 1527లో రీగా నగరంలో ఈ కథను నాటకంగా ప్రదర్శింపజేశాడు. అందులో పెద్దవాడు సన్యాసి జీవితాన్ని, పుణ్యకార్యాలను నమ్ముకున్నవాడు. కృప వల్లనే రక్షణ అన్న బోధకు అతను ఎదురు పాత్ర అయ్యాడు. యూదుల స్థానంలోకి కాథలిక్ సన్యాసి వచ్చాడు కానీ, దోషి మాత్రం ఇంకా అవతలివాడే.

ఇరవయ్యో శతాబ్దపు ప్రసంగాల్లో వేలు వినేవారి వైపు తిరిగింది. జర్మన్ వేదాంతి హెల్ముట్ థీలికే 1950లలో ఉపమానాలపై చేసిన ప్రసంగాల్లో ఈ కథకు రెండు కేటాయించాడు. రెండోది పెద్ద కొడుకు గురించే. అతన్ని విలన్‌గా కాక, బాధ్యతగా జీవిస్తూ ఆనందం పోగొట్టుకున్నవాడిగా చూపాడు. ప్రతివారం గుడికి వచ్చే విశ్వాసి తనను తాను అక్కడ గుర్తుపట్టగలడు. తర్వాత మధ్యప్రాచ్యంలో ఏళ్లపాటు బోధించిన కెనెత్ బెయిలీ, అక్కడి పల్లె మర్యాదల ప్రకారం చూస్తే అతిథుల ముందే విందును కాదనడం తండ్రికి బహిరంగ అవమానమని వివరించాడు. ఆ లెక్కన తండ్రిని నొప్పించడంలో ఇద్దరు కొడుకులూ సమానులే.

పెద్దవాడి ఫిర్యాదు వెనుక ఆస్తి లెక్క కూడా ఉంది. ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం ప్రకారం జ్యేష్ఠుడికి రెండు పాళ్లు. ఇద్దరే కొడుకులైతే మూడింట రెండు వంతులు అతనివి. చిన్నవాడి వాటా ఖర్చయిపోయింది గనుక, కోసిన దూడ కూడా రేపు పెద్దవాడికి దక్కాల్సిన ఆస్తిలోదే. అతని నోట కథ చెప్పించే ప్రసంగానికి ఈ లెక్క గట్టి ఆధారం.

యూదు పండితురాలు ఏమీ-జిల్ లెవీన్ 2014లో వచ్చిన తన పుస్తకంలో మరో ప్రశ్న వేసింది. అదే అధ్యాయంలో కాపరి నూరు గొర్రెల్లో ఒకటి తగ్గిందని, స్త్రీ పది నాణేల్లో ఒకటి పోయిందని గమనిస్తారు. ఇద్దరే కొడుకులున్న తండ్రి మాత్రం విందు మొదలైనా పెద్దవాడికి కబురు పంపలేదు. పెద్దవాడు యూదులకు గుర్తు అన్న పాత వ్యాఖ్యానాన్ని ఆమె తిరస్కరించింది. ఆమె చదువులో, తప్పిపోయింది పెద్దవాడే. అతను పోయాడని తండ్రి ఆలస్యంగా గుర్తించి, వెతుక్కుంటూ బయటికి వచ్చాడు.

పెద్దవాడి వైపు నుంచి చేసే ప్రసంగం రెండు చోట్ల దెబ్బతినవచ్చు. పెద్దవాణ్ణి పూర్తిగా సమర్థిస్తే, అతను తమ్ముడని ఒప్పుకోని మనిషి ఆకలితో చావబోయి ఇంటికి చేరినవాడన్న సంగతి మరుగున పడుతుంది. చివర్లో అతన్ని లోపలికి పంపిస్తే, లూకా వినేవారికి వదిలిన నిర్ణయాన్ని ప్రసంగీకుడే తీసుకున్నట్లవుతుంది.